డెబ్బై ఏళ్ల ఉత్తరం

ఇవాళ మధ్యాహ్నం యిర్మీయా 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చివరిదాకా ఒకే బిగిన చదివాను. ముప్పై రెండు వచనాలు. ఆదివారం బైబిలు స్టడీలో దాని వంతు వచ్చింది. మన ఇళ్లలో ఈ అధ్యాయంలోంచి పదకొండో వచనం ఒక్కటే తెలుసు. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద, గోడ క్యాలెండర్ల మీద, పరీక్షలకు వెళ్లే పిల్లలకు పంపే మెసేజీల్లో అదే ఉంటుంది: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." చదివిన వాళ్లు సీటు, వీసా, పెళ్లి, ఆపరేషను అని తమ అవసరం ఏదైతే అది అందులో పెట్టుకుంటారు. ఆ వచనం ఒక ఉత్తరం మధ్యలో ఉందన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

ఉత్తరం ఎవరికో మొదటి వచనమే చెబుతోంది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని రాజైన యెకొన్యాను, అతని తల్లిని, అధిపతులను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు తీసుకుపోయాడు. ఆ చెరలో మిగిలిన పెద్దలకు, యాజకులకు, ప్రవక్తలకు, ప్రజలందరికీ యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపాడు. తీసుకెళ్లింది షాఫాను కుమారుడైన ఎల్యాశా, హిల్కీయా కుమారుడైన గెమర్యా. వాళ్లను యూదా రాజైన సిద్కియా తన పని మీద నెబుకద్నెజరు దగ్గరకు పంపుతుంటే, యిర్మీయా ఈ ఉత్తరం కూడా వాళ్ల చేతికిచ్చాడు.

ఆ ఉత్తరం ఏ మాటకు జవాబో తెలియాలంటే ముందు 28వ అధ్యాయం చదవాలి. సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏట, అయిదో నెలలో, గిబియోనువాడైన హనన్యా దేవాలయంలో అందరి ఎదుట నిలబడి ఒక ప్రవచనం చెప్పాడు. రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, మందిరపు ఉపకరణాలు తిరిగి వస్తాయి, యెకొన్యా కూడా వస్తాడు అని. బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. యిర్మీయా మొదట అన్న మాట ఏమిటంటే, ఆమేన్, యెహోవా ఆలాగే చేయును గాక! ఆయనకూ జనం త్వరగా తిరిగి రావాలనే ఉంది. కానీ తర్వాత దేవుడు చెప్పమన్నది వేరు: కొయ్య కాడి పోయి ఇనుప కాడి వస్తుంది, హనన్యా ఆ సంవత్సరమే చనిపోతాడు. రెండేళ్లు అన్న మనిషి రెండు నెలలకే, ఏడో నెలలో చనిపోయాడు.

ఇప్పుడు 29వ అధ్యాయం చూస్తే ప్రతి మాటా ఆ రెండేళ్ల ఆశకు ఎదురు నిలుస్తుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలం తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ కొడుకులకు, కూతుళ్లకు కూడా పెళ్లిళ్లు చేయండి, వాళ్లూ పిల్లల్ని కనాలి. అంటే మూడు తరాల లెక్క. మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణపు క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి. మీ మధ్యనున్న ప్రవక్తల మాట విని మోసపోవద్దు. ఆ తర్వాత పదో వచనం: బబులోనుకు డెబ్బై ఏళ్లు గడిచిన తరువాతనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను. పదకొండో వచనం దీని వెంటనే, దీనికి కారణం చెబుతూ వస్తుంది. పదిని వదిలి పదకొండును కత్తిరిస్తే, హనన్యా చెప్పిన మాటే యిర్మీయా పేరుతో చెప్పినట్టవుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

లెక్క వేసి చూశాను. 597లో ఇరవై ఏళ్ల కుర్రవాడు బబులోనుకు వెళ్లాడనుకుందాం. యూదులను తిరిగి వెళ్లనిచ్చిన పారసీక రాజు కోరెషు చేతికి బబులోను చిక్కింది క్రీ.పూ. 539లో. అప్పటికి అతనికి డెబ్బై ఎనిమిది. ముప్పై ఏళ్లవాడైతే ఎనభై ఎనిమిది. ఉత్తరం విన్న పెద్దలకు అప్పటికే నలభై, యాభై ఉండి ఉంటే వాళ్లెవరూ యెరూషలేము మళ్లీ చూడలేదు. డెబ్బై ఏళ్లను ఎక్కడినుంచి లెక్కించాలన్న దానిపై పండితులు ఒక్క మాట మీద లేరు. అష్షూరు పతనమైన 609 నుంచి లెక్కిస్తే 539కి సరిగ్గా సరిపోతుంది, నెబుకద్నెజరు రాజైన 605 నుంచి అయితే అరవై ఆరు. ఎలా లెక్కించినా విన్న ఆ పెద్దలకు అందింది ఒకటే: మీరు వెళ్లరు, మీ మనవలు వెళతారు. అదే వాళ్ల మంచి భవిష్యత్తు.

వాళ్లు ఆ ఉత్తరాన్ని తీపి మాటగా వినలేదనడానికి సాక్ష్యం అదే అధ్యాయంలో ఉంది. బబులోనులో ఉన్న షెమయా, యెరూషలేములోని యాజకుడైన జెఫన్యాకు ఫిర్యాదు రాశాడు. ఈ యిర్మీయా చెర దీర్ఘకాలం ఉంటుందని, ఇళ్లు కట్టుకోమని మాకు రాశాడు, ఇతన్ని బొండలో వేయించలేదేమి అని. మన కార్డుల మీది వచనానికి మనకు తెలిసిన మొదటి జవాబు అది.

ఇంకొకటి. 15 నుంచి 19 వరకు వచనాలు చెరకు పోకుండా యెరూషలేములో ఉండిపోయిన వాళ్ల గురించి. వాళ్లకు ఖడ్గం, కరువు, తెగులు వస్తాయని, తినలేని చెడిపోయిన అంజూరపు పళ్లలా అవుతారని ఉంది. అదే దేవుడు, అదే ఉత్తరం. యూదులందరికీ ఒకే రకంగా వర్తించని మాటను ఈ కాలంలో ఎవరికి బడితే వాళ్లకు, ఏ కోరికకు బడితే ఆ కోరికకు వర్తింపజేయడానికి ఆధారం ఎక్కడుంది?

ఆ చెర ప్రజలు నిజంగానే స్థిరపడ్డారు. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి పలకల్లో యూదా రాజైన యెహోయాకీనుకు, అతని అయిదుగురు కొడుకులకు ఇచ్చిన నూనె లెక్క ఉంది. యెకొన్యా అంటే ఇతనే. ఇంకొన్ని పలకల్లో యూదా పేరుతోనే పిలిచిన ఒక ఊరు కనిపిస్తుంది. వాటిలో పాతది క్రీ.పూ. 572 నాటిది. పొలాల కౌళ్లు, బార్లీ, ఖర్జూరం, పన్నులు, అప్పులు అన్నీ ఉన్నాయి. తోటలు నాటండి అన్న మాట ఆ మనుషుల జీవితంలో ఎలా ఉండిందో వీటి వల్ల కొంత తెలుస్తుంది.

ఇదంతా చెబితే ఆ వచనంలో ఓదార్పు లేదా అని అడుగుతారు. ఉంది. అది పెద్ద ఓదార్పు. శిక్షలో ఉన్న జనాన్ని దేవుడు వదిలేయలేదని, ఆయన కాలాన్ని చేతిలో పెట్టుకున్నాడని అది చెబుతుంది. పన్నెండు, పదమూడు వచనాల్లో ఆ జనం తిరిగి ఆయన్ను పూర్ణమనస్సుతో వెతుకుతారన్న మాట కూడా ఉంది. కాబట్టి ఒక సంఘం చాలా కాలం దెబ్బ తిని ఉన్నప్పుడు దీన్ని చదవడం సబబే. క్యాన్సరు వార్డులో ఉన్న మనిషికి నీకేమీ కాదు అన్న హామీగా చదవడం తప్పు. ఆ మనిషి చనిపోతే మిగిలిన భార్యాపిల్లలు తమ విశ్వాసం తక్కువైందనుకుంటారు. ఆ సమయంలో, ఎంతకాలము నన్ను మరచిపోతావు అని అడిగే 13వ కీర్తన చదవడం మేలు. అది ఒక్క మనిషి ప్రార్థనే.

ఆదివారానికి వరుస ఇలా రాసుకున్నాను. ముందు 28 మొత్తం, తర్వాత 29లో 1 నుంచి 14 వరకు ఆపకుండా, ఆపై 15–19, చివరగా షెమయా ఫిర్యాదు 24–32. ఒక్కొక్కరి చేత ఒక్కో భాగం చదివించాలి, పదకొండో వచనాన్ని ముందు మాట్లాడకూడదు. చదివాక ఒకటే ప్రశ్న: మీ వయసుకు డెబ్బై కలిపి చూసి, ఈ మాట మీకు ఎవరి ద్వారా నెరవేరేదో చెప్పండి.