గీత పక్కన తెల్లచార రాకుండా యానిమే ఫ్రేమ్‌ను పెద్దది చేయడం: నా అనుభవం

చేతిలో ఉన్నది 1280×720 సైజు యానిమే ఫ్రేమ్. దాన్ని 1920×1080 చేయాలి. ముఖమంతా ఒకే చర్మపు రంగు, దవడ గీత ఒక్క పిక్సెల్ మందం. లాంక్జోస్ ఫిల్టర్‌తో పెంచితే గీతకు రెండు వైపులా చర్మం కంటే లేతగా ఒక చార తేలుతుంది. రింగింగ్ అంటే ఇదే.

ఇది ఎందుకొస్తుందో అంకెల్లో చూస్తే సులువుగా అర్థమవుతుంది. చర్మం విలువ 200, గీత విలువ 20 అనుకుందాం. లాంక్జోస్ ప్రతి కొత్త పిక్సెల్‌నూ చుట్టుపక్కల పాత పిక్సెళ్ల విలువలకు బరువులు కట్టి కలిపి తయారు చేస్తుంది. ఒకటి నుంచి రెండు పిక్సెళ్ల దూరంలో ఆ బరువులు మైనస్‌లో ఉంటాయి. లెక్క సులువుగా ఉండేందుకు రెండింతలు చేశామనుకుంటే, గీత మధ్య నుంచి 1.25 పిక్సెళ్ల దూరంలో బరువు సుమారు -0.133. చర్మానికీ గీతకూ తేడా 180 కాబట్టి అక్కడ 200 ఉండాల్సింది 224 అవుతుంది. దాని పక్కన 212, ఆ తర్వాత కిందికి దిగి 195. అలలా కనిపించేది అందుకే.

ఫిల్టర్ మారిస్తే సరిపోదా? మిచెల్ ఫిల్టర్‌తో ఆ 224 కాస్తా 204కు తగ్గుతుంది, నిజమే. కానీ లాంక్జోస్‌లో 40 దగ్గర ఉండే గీత నలుపు మిచెల్‌లో 59కి లేచి వెలిసిపోతుంది. స్థిరమైన బరువులున్న ఫిల్టర్ ఏదైనా చార తగ్గించాలంటే పదును వదులుకోవాల్సిందే.

ఒక జాగ్రత్త. చార వస్తుందో లేదో చూసే పరీక్షను తెల్ల నేపథ్యం మీద చేయకూడదు. 255 దాటి పోవడానికి చోటు లేదు కాబట్టి అక్కడ చార దాదాపు కనిపించదు, ఫిల్టర్ మంచిదే అనిపిస్తుంది. చర్మం, ఆకాశం లాంటి మధ్యస్థ రంగు పక్కన గీతను 400 శాతం జూమ్ చేసి, కలర్ పికర్‌తో విలువలు చదవాలి.

బొమ్మలను పెద్దవి చేయడానికి శిక్షణ పొందిన ఏఐ మోడల్‌ పిక్సెళ్లకు ఇలా స్థిరమైన బరువులు కట్టదు, ముందున్నది ఏమిటో చూసి నిర్ణయిస్తుంది. అది ఏ బొమ్మలు చూసి నేర్చుకుందన్నదే ఇక్కడ తేల్చే విషయం. ఫోటోల మీద నేర్చుకున్న మోడల్‌కు ముదురు అంచు పక్కన లేత చార అంటే నిజమైన వెలుగు కావచ్చు, అందుకని దాన్ని తుడవకుండా ఇంకా పదును పెట్టే ప్రమాదముంది. చదునైన రంగులో లేని చర్మపు నునుపుగరుకులు కల్పిస్తుంది. గీత చుట్టూ ఉన్న జేపెగ్ మచ్చలను కూడా వివరాలుగా తీసుకుంటుంది. గీసిన బొమ్మలో అవకాశాలు చాలా తక్కువ: చదును రంగు, గీత, గీత ముగిసే చోటు. వాటినే చూసి నేర్చుకున్న మోడల్ లేత చారను లోపంగా గుర్తిస్తుంది. పని ఇరుకైనది కాబట్టి మోడల్ కూడా చిన్నదైనా చాలు. ఉదాహరణకు, రియల్-ఈఎస్ఆర్‌గాన్ అనే పెంపు సాధనంలో బొమ్మను నాలుగింతలు చేసే సాధారణ మోడల్‌కు 23 బ్లాకులుంటే, యానిమే బొమ్మల కోసం చేసినదానిలో 6 మాత్రమే.

నేను వాడింది యానిమే బొమ్మల కోసం చేసిన రియల్-క్యూగాన్ మోడల్. రెండింతలు చేసి, తర్వాత కావాల్సిన సైజుకు దించాను:

```
realcugan-ncnn-vulkan -i face.png -o face2x.png -s 2 -n -1
magick face2x.png -filter Mitchell -resize 1920x1080 final.png
```

`-n -1` అంటే బొమ్మను వీలైనంత తక్కువగా మార్చే రకం. సోర్స్‌లో జేపెగ్ మచ్చలుంటే -1 బదులు 1 పెట్టాలి, అంకె పెరిగేకొద్దీ మచ్చలను ఎక్కువగా తుడుస్తుంది. 3 దాకా వెళ్తే కనురెప్పల సన్నగీతలు కలిసిపోయే అవకాశం ఉంది, కాబట్టి ముందు కళ్ల దగ్గర చిన్న ముక్క కత్తిరించి చూసుకోవడం మేలు.

రెండో లైన్‌లో `-filter` రాయడం మరిచిపోకూడదు. ఆ లైన్‌ను నడిపే ఇమేజ్‌మేజిక్ బొమ్మను చిన్నది చేసేటప్పుడు మామూలుగా లాంక్జోస్‌నే ఎంచుకుంటుంది. మోడల్ శుభ్రంగా ఇచ్చిన గీతకు ఆఖరి అడుగులో మళ్లీ చార అంటుకుంటుంది, తప్పు మోడల్‌దే అనిపిస్తుంది. `face2x.png`లో చార లేకుండా `final.png`లో ఉంటే కారణం ఈ దించడమే.

`face2x.png`లోనే చార ఉంటే సోర్స్‌ను అనుమానించాలి. 1080 అని దొరికే టీవీ యానిమేలో చాలా భాగం అంతకంటే తక్కువ లైన్లలో, తరచుగా 720 దగ్గర, తయారై తర్వాత పెంచినదే. ఆ పెంపులో వచ్చిన రింగింగ్ బొమ్మలోనే ఉండిపోతుంది, గీత కూడా మందంగా, మెత్తగా ఉంటుంది. అలాంటిదాన్ని ముందు మిచెల్‌తోనే 720కి దించి, ఆ తర్వాత మోడల్‌కు ఇవ్వాలి. అసలు ఏ సైజులో తయారైందో, ఏ ఫిల్టర్‌తో పెంచారో తెలిస్తే, వేపర్‌సింత్ అనే వీడియో సాధనంలోని డీస్కేల్ ప్లగిన్ ఆ పెంపునే వెనక్కి తిప్పుతుంది. ఫిల్టర్ తప్పుగా ఊహిస్తే మాత్రం అదే కొత్త రింగింగ్ పుట్టిస్తుంది.

ప్రత్యేక మోడల్ చేయలేనివీ ఉన్నాయి. రంగులు అద్దిన నేపథ్యాల్లో కుంచె జాడలను, పెన్సిల్ గరుకును, ఫిల్మ్ గ్రెయిన్‌ను అది చదును చేసేస్తుంది. అలాంటి ఫ్రేముల్లో పాత్రల వరకే మాస్క్ వేసి మోడల్ ఫలితం తీసుకుంటాను, నేపథ్యాన్ని మిచెల్‌తో పెంచి కింద పొరగా పెడతాను. మాస్క్ అంచు బయటి గీత మీద పడితే సగం గీత పదునుగా, సగం మెత్తగా కనిపిస్తుంది. అందుకే మాస్క్‌ను గీతకు రెండు మూడు పిక్సెళ్లు అవతలి దాకా పెంచాలి.