రెండొందల యాభైకి ఇల్లు

సబ్‌టైటిళ్లు రాసే పనిలో చేరినప్పుడు యాస, జోకులు, తిట్లు నన్ను ఏడిపిస్తాయనుకున్నాను. వాటికన్నా ముందు ఏడిపించినవి డబ్బు మాటలు. ఓ అమెరికన్ సీరియల్ మొదటి ఎపిసోడ్ చేసి పంపితే, సరిచూసే ఆయన పదకొండు చోట్ల గుర్తులు పెట్టి తిప్పి పంపారు. అందులో ఏడు అంకెల దగ్గరే.

అన్నిటిలోకీ నా పరువు తీసింది ఒకటుంది. భార్యాభర్తలు ఒక ఇల్లు చూసి బయటికొస్తారు. ఆమె "దే వాంట్ టూ ఫిఫ్టీ" అంటుంది. నేను "రెండొందల యాభై డాలర్లు అడుగుతున్నారు" అని రాసేశాను. ఆయన ఫోన్ చేసి, "ఆ రేటుకైతే నాకూ ఒకటి చూడండి" అన్నారు. ఇళ్ల బేరాల్లో వాళ్లు "థౌజండ్" అనే మాటను మింగేస్తారు. టూ ఫిఫ్టీ అంటే రెండు లక్షల యాభై వేలు. మనమూ అంతేగా, స్థలం "నలభైకి కొన్నా" అంటే నలభై రూపాయలకని ఎవరూ అనుకోరు. కాకపోతే వాళ్లు మింగేది వెయ్యిని, మనం మింగేది లక్షని. ఆయన దిద్ది పెట్టిన వాక్యం: "రెండున్నర లక్షలు అంటున్నారు." డాలర్లు అనే మాట అంతకు ముందు సీన్లో ఒకసారి వచ్చింది కాబట్టి ఇక్కడ తీసేశారు.

రూపాయల్లోకి మార్చేస్తే పోదా అని అడిగాను. వద్దన్నారు. మారకం రేటు రోజూ మారుతుంది, పైగా గుండ్రంగా ఉన్న మొత్తం కాస్తా చిల్లర లెక్కలా తయారవుతుంది. ఇల్లు చూసొచ్చిన మనిషి అలా మాట్లాడదు.

తర్వాతిది "కపుల్ హండ్రెడ్ బక్స్". "రెండు వందల డాలర్లు" అని రాశాను. విలువ తప్పు కాదు, గొంతు తప్పు. స్నేహితుణ్ణి చేబదులు అడుగుతున్నవాడు బ్యాంకు కౌంటర్లో మాట్లాడినట్టు ఉంది. "రెండు మూడొందలుంటే ఇవ్వరా" అని మార్చాను. సహజంగానే ఉంది కదా, దాన్నీ కొట్టేశారు. ఎందుకంటే రెండు సీన్ల తర్వాత అతను రెండు వంద నోట్లు లెక్కపెట్టి తిరిగిస్తాడు. అప్పుడు చూసేవాడికి మిగతా వంద ఏదని అనుమానం వస్తుంది. చివరికి నిలిచింది "ఓ రెండొందలుంటే ఇవ్వరా". ఆ "ఓ" ఒక్కటే "కపుల్"లో ఉన్న సుమారుతనాన్ని మోసింది. అప్పట్నుంచి మొత్తం తగిలినప్పుడల్లా, అది మళ్లీ ఎక్కడైనా వస్తుందా అని ఎపిసోడ్ చివరిదాకా వెతికి కానీ రాయడం లేదు.

"సిక్స్ ఫిగర్ శాలరీ" దగ్గర మాత్రం నేనేం తప్పు రాయలేదనుకున్నాను. "ఆరంకెల జీతం" మన పేపర్లలోనూ ఉన్న మాటే. తిరకాసు ఏమిటంటే, మనవాళ్లు జీతం అనగానే నెలకి అనుకుంటారు, వాళ్లు చెప్పేది ఏడాదికి. లక్ష డాలర్లు ఏడాదికో నెలకో తేలకపోతే ఆ పాత్ర ఎంత ఉన్నవాడో పన్నెండు రెట్లు తేడా వస్తుంది. "ఏడాదికి లక్ష పైనే" అని సరిచేశాను.

ఇక మిలియన్లకు నేను పట్టుకున్నవి రెండే రెండు: మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. మిగతావి వాటి నుంచే లాగుతాను. హాఫ్ మిలియన్ ఐదు లక్షలు, ఫిఫ్టీ మిలియన్ ఐదు కోట్లు. పెద్ద అంకె వస్తే కామాలు పీకేసి, కుడి నుంచి మొదట మూడు, తర్వాత రెండేసి చొప్పున మళ్లీ పెడతాను. 100,000,000 కాస్తా 10,00,00,000 అవుతుంది. పది కోట్లు అని కళ్లతోనే చదివేయొచ్చు.

ఈ ధీమాతో ఒక జపనీస్ సీరియల్ ఒప్పుకున్నాను. దాని ఇంగ్లీషు పాఠం చూసి తెలుగు చెయ్యాలి. జపనీస్‌లో పెద్ద అంకెలు నాలుగేసి సున్నాలకో పేరుతో పలుకుతారు: పదివేలకి "మన్", పది కోట్లకి "ఒకు". ఒక సీన్లో విలన్ వేలు ఒకటి పైకెత్తి "ఇచి ఒకు" అంటాడు, అంటే ఒక ఒకు. ఇంగ్లీషు పాఠంలో హండ్రెడ్ మిలియన్ అని ఉంది. నేను "పది కోట్లు" అన్నాను. లెక్క సరే, కానీ తెర మీద ఒక్క వేలు, కింద పది. ఇంగ్లీషు వాళ్లకి ఇంకా ఘోరం, ఒక్క వేలి కింద వంద. మూడు గంటలు కూర్చుని "వేలికి పది కోట్లు" అని రాశాను. సరిచూసే ఆయన దాని పక్కన ఏ గుర్తూ పెట్టలేదు.