రబ్బరు ప్రెస్‌కి అక్యుములేటర్, దానికి ప్రీచార్జ్ లెక్క (రాయగడ షెడ్డు పని నమోదు)

జనవరి, మొదటి వారం. లోపం ఎక్కడుంది

వ్యవసాయ పంపుల ఫుట్‌వాల్వులకి రబ్బరు వాషర్లు పోసే చిన్న ప్రెస్ ఇది. సిలిండర్ బోర్ 100 మి.మీ. 140 బార్ దగ్గర సుమారు 11 టన్నుల బలం వస్తుంది. వేడి ప్లేట్ల మధ్య రబ్బరు 8 నిమిషాలు క్యూర్ కావాలి. ఆ 8 నిమిషాలూ ప్రెషర్ 120 బార్ కిందికి రాకూడదు. వస్తే వాషర్‌ని అడ్డంగా కోసి చూడగానే తెలిసిపోతుంది, లోపల స్పాంజిలా సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి.

మోటారు ఆపగానే గేజీ ముల్లు జారిపోతోంది. సీళ్లు బాగానే ఉన్నాయి. వాల్వు ట్యాంకు పైపు విప్పి కొలజాడీ పెట్టి చూస్తే నిమిషానికి 14 మి.లీ. నూనె కారుతోంది. స్పూల్ వాల్వులో స్పూల్‌కీ బాడీకీ మధ్య సన్నటి సందు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇది వాల్వు పాడైనందువల్ల వచ్చిన కారుడు కాదు. ఇంత తక్కువ కారుడుకే ప్రెషర్ ఎందుకు కూలిపోతోందంటే, నూనె దాదాపు నలగదు. సిలిండర్‌లో 800 మి.లీ. నూనె బిగించి ఉన్నప్పుడు ఒక్క మి.లీ. బయటికి పోతే ప్రెషర్ సుమారు 17 బార్ పడుతుంది. హోస్ పైపుల సాగుడు వల్ల నిజంలో కొంచెం తక్కువే పడుతుంది, అయినా అర నిమిషం కూడా నిలవదు. పోయిన నూనెని వెంటనే నింపే స్ప్రింగులాంటిది ఒకటి కావాలి, అదే అక్యుములేటర్.

రెండో వారం. ఏ రకం

బరువు పెట్టే పాత రకంలో ప్రెషర్ చివరిదాకా ఒకేలా ఉంటుంది, కానీ టన్నుల కొద్దీ బరువు ఈ షెడ్డులో పట్టదు. స్ప్రింగు రకం ఈ ప్రెషర్‌కి మరీ పెద్దదైపోతుంది. మిగిలింది నైట్రోజన్ నింపేవి. బ్లాడర్ రకంలో రబ్బరు సంచి ఉంటుంది, త్వరగా స్పందిస్తుంది, ఎక్కువ నూనె కావలసిన చోట నప్పుతుంది. దాన్ని గ్యాస్ వాల్వు పైకి ఉండేలా నిలువుగా బిగించాలి. నూనె రాకముందే నింపి ఉంచే గ్యాస్ ప్రెషర్ ప్రీచార్జ్. అత్యధిక ప్రెషర్ దానికి నాలుగు రెట్లు దాటనివ్వకూడదు. పిస్టన్ రకం పెద్ద నిష్పత్తిని తట్టుకుంటుంది, కానీ సీలు రాపిడి వల్ల ఇలాంటి మెల్లటి పనిలో కాస్త తడబడుతుంది. రెండు లీటర్ల లోపు అవసరానికి డయాఫ్రమ్ రకం చవక, చిన్నది. అదే తీసుకోవడం సరి. వెల్డు చేసిన డయాఫ్రమ్‌కి రిపేరు ఉండదన్నది ఒక్కటే లోటు. రబ్బరు పొర మామూలు నైట్రైల్‌దైతే 80 డిగ్రీల లోపే ఉండాలి, అందుకే వేడి ప్లేట్లకి మీటరు దూరంలో బిగింపు.

మూడో వారం. లెక్క

కావలసిన నూనె: 8 నిమిషాల కారుడు 112 మి.లీ., రబ్బరు పొంగి అంచుల్లోకి పోయేటప్పుడు ప్లేట్లు 2 మి.మీ. దగ్గరపడితే 16 మి.లీ. మొత్తం 128.

నూనెని నిల్వ చేసి వాడుకునే పనిలో ప్రీచార్జ్‌ని కనిష్ఠ పని ప్రెషర్‌లో 90 శాతం పెడతారు. ఇక్కడ 120లో 90 శాతం అంటే 108 బార్. ఆ 10 శాతం ఎడం వల్ల నూనె ఎప్పుడూ కొంత అడుగున మిగిలి, పొర నూనె రంధ్రానికి తగలకుండా ఉంటుంది. పంపు అదురు తగ్గించడానికే పెట్టే అక్యుములేటర్‌కైతే సగటు ప్రెషర్‌లో 60 నుంచి 75 శాతం చాలు. ఆ రెండు లెక్కలూ కలపొద్దు.

```
ΔV = P0 × V0 × (1/P1 − 1/P2)
```

ఇందులో ప్రతి ప్రెషర్‌కీ గేజీ అంకె మీద ఒక బార్ కలపాలి. ప్రీచార్జ్ P0 109, కనిష్ఠ ప్రెషర్ P1 121, గరిష్ఠ ప్రెషర్ P2 141. V0 అక్యుములేటర్ పరిమాణం, ΔV వాడుకోగలిగే నూనె. రెండు లీటర్ల అక్యుములేటర్‌కి 255 మి.లీ. వస్తుంది, అవసరానికి దాదాపు రెట్టింపు. ఒక లీటరుదైతే 128 మి.లీ. వస్తుంది, చాలుననిపిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు.

పంపు త్వరగా నింపినప్పుడు గ్యాస్ నలిగి వేడెక్కుతుంది. మోటారు ఆపాక ఆ వేడి చల్లారి ప్రెషర్ పడుతుంది, ఏ కారుడూ లేకుండానే. ఖాళీ నుంచి ఒక్కసారిగా నింపితే అది 140 నుంచి 130 దాకా పడొచ్చు. అప్పుడు రెండు లీటర్లదానిలో కూడా 120 దాకా వాడుకోవడానికి మిగిలేది 137 మి.లీ. మాత్రమే. మన అవసరం 128. ఒక లీటరుది ఈ పనికి చాలదు. అందుకే రెండు లీటర్లది, పైగా మొదటి నిమిషం తర్వాత మోటారుని ఒకసారి కొట్టి మళ్లీ 140కి తేవాలి.

జనవరి చివర. నింపడం

షెడ్డులో ఉదయం 12 డిగ్రీలు. ప్రెస్ వేడెక్కాక అక్యుములేటర్ 45 డిగ్రీలకి వస్తుంది. 12 డిగ్రీల దగ్గర 108 నింపితే 45 దగ్గర అది 120 దాటేస్తుంది, అంటే కనిష్ఠ ప్రెషర్ దగ్గర పొర అడుగుకి తగులుతుంది. అందుకని రెండు డిగ్రీలకీ 273 కలిపి, 109ని 285తో గుణించి 318తో భాగించి, ఒకటి తీసేస్తే 97 బార్. అదే 25 డిగ్రీల రోజైతే 101, మే నెల 40 డిగ్రీలైతే 106. గేజీ కేజీల్లో ఉంటే, ఒక కేజీ దాదాపు 0.98 బార్ అని గుర్తు.

నైట్రోజన్ సిలిండర్ బూడిద రంగు, మెడ నలుపు. ఏసీ మెకానిక్కుల దగ్గర దొరుకుతుంది, కానీ వాళ్ల రెగ్యులేటర్ అవుట్‌లెట్ 100 బార్ దాకా రాకపోతే పనికిరాదు. సిలిండర్‌లో 97 కంటే తక్కువ మిగిలి ఉంటే అసలు నిండదు. ఆక్సిజన్ గాని, కంప్రెసర్ గాలి గాని ఎక్కించకూడదు. నూనెతో కలిస్తే పేలుతుంది.

నూనె వైపు ప్రెషర్ పూర్తిగా వదిలి, చార్జింగ్ కిట్ బిగించి, మొదటి రెండు మూడు బార్లు మరీ మెల్లగా వదలాలి. గ్యాస్ దూసుకొస్తే పొర మీద దెబ్బ పడుతుంది. 97కి వచ్చాక పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూసి సరిచేయాలి. కిట్ తీశాక సబ్బు నీళ్లతో వాల్వు చూడాలి.

ఫిబ్రవరి. నడక

అక్యుములేటర్‌ని సిలిండర్ పైపులో ఒక హ్యాండ్ వాల్వు వెనక పెట్టడమైంది. ప్లేట్లు బిగిసి ప్రెషర్ 120 దాటాక వాల్వు మెల్లగా తెరిచి, 140కి నింపి మోటారు ఆపాలి. ప్రెస్ విప్పే ముందు వాల్వు మూసేయాలి. మూయడం మరిచిపోతే నూనెంతా ఒక్కసారిగా ట్యాంకుకి పోయి పొర అడుగుకి ఢీకొంటుంది, దభీమని శబ్దం వస్తుంది. 155 బార్‌కి పెట్టిన రిలీఫ్, వదిలే నీడిల్ వాల్వు, రెండూ హ్యాండ్ వాల్వుకి అక్యుములేటర్ వైపే ఉండాలి. మోటారు ఆగినంత మాత్రాన ప్రెస్ చచ్చిందనుకోవద్దు, అక్యుములేటర్‌లో ప్రెషర్ ఉండగా ఏ పైపూ విప్పకూడదు.

ప్రీచార్జ్ చూడడానికి మాటిమాటికీ కిట్ బిగించనక్కర్లేదు. ఇంత చిన్నదానిలో బిగించినప్పుడల్లా కొంత గ్యాస్ పోతుంది. హ్యాండ్ వాల్వు మూసి, అక్యుములేటర్ వైపు గేజీ చూస్తూ నీడిల్ వాల్వు సన్నగా తెరవాలి. ముల్లు 140 నుంచి మెల్లగా దిగి, ఒక చోట ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది. అది పడిన చోటే అప్పటి వేడిలో ప్రీచార్జ్. ఇక్కడ 107 దగ్గర పడింది. 130 దగ్గర పడితే గ్యాస్ ఎక్కువ, ప్రెషర్ నిలిచినట్టే ఉండి హఠాత్తుగా కూలుతుంది. 40 దగ్గర పడితే గ్యాస్ పోయింది, అప్పుడు వాడుకోగలిగేది 96 మి.లీ.యే, ఆరో ఏడో నిమిషంలో 120 దాటి దిగుతుంది. గ్యాస్ వాల్వు నుంచి నూనె చుక్క వస్తే పొర చిరిగింది, ఆ అక్యుములేటర్ మార్చేయాలి.

ఈ వారం పోసిన వాషర్లలో నాలుగు కోసి చూస్తే రంధ్రాలు లేవు. 8వ నిమిషం చివర గేజీ 126. తర్వాత చూడాల్సింది ఏప్రిల్ వేడిలో, షెడ్డు 38 దాటినప్పుడు.