స్టుట్‌గార్ట్‌లో మొదటి నెలలు: గచ్చిబౌలి నుంచి వెళ్లేవాళ్ల కోసం

సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినప్పుడు గచ్చిబౌలిలోని మా పాత ఆఫీసుకి ఓ పూట వెళ్లాను. అక్కడి టీమ్ నుంచి మరో ఇద్దరు త్వరలో జర్మనీ బయల్దేరుతున్నారు. "కొత్తగా వెళ్లేవాళ్లకి పనికొచ్చేలా ఓ పది స్లైడ్లు చేసిపెట్టండి, ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ చదివేస్తారు" అని హెచ్ఆర్ అమ్మాయి అడిగింది. చేసిచ్చాను. కానీ స్లైడ్‌లో రెండు వాక్యాలకి మించి పట్టవు, అసలు సంగతులేమో మూడో వాక్యం నుంచే మొదలవుతాయి. అందుకే ఇది రాస్తున్నాను. చలికోటు ఎక్కడ కొనాలి, పచ్చళ్లు ఎలా ప్యాక్ చేయాలి లాంటివి వదిలేస్తున్నా. వాటికి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులు చాలు.

శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక విమానం ఎక్కి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అక్కణ్నుంచి రైల్లో స్టుట్‌గార్ట్ చేరాను. ప్రయాణం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆఫీసులో మొదటి రోజు నా పక్క సీటాయన మాత్రం ఇల్లు బాగుందా, నిద్ర పట్టిందా అని అడగలేదు. "పోస్టు డబ్బా మీద నీ పేరు ఉందా?" అన్నాడు. కంపెనీ చూసిపెట్టిన ఫర్నిష్డ్ ఫ్లాట్‌కి ఇంటి ఓనరావిడ పేరే ఉందని చెప్పాను. "సాయంత్రం వెళ్లగానే ఆవిడకి చెప్పి నీ పేరు అంటించు, మిగతా పనులన్నీ దాని తర్వాతే" అన్నాడు.

ఆయన ఎందుకంత పట్టుబట్టాడో తర్వాత తెలిసింది. అక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి మనలాగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. వీధి పేరు, బిల్డింగు నంబరు, మనిషి పేరు, అంతే అడ్రస్. పోస్ట్‌మన్ డబ్బాల వరస ముందు నిలబడి ఉత్తరం మీది పేరుతో డబ్బా మీది పేరు సరిచూసుకుని వేస్తాడు. పేరు కనపడకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కూకట్‌పల్లిలో అయితే వాచ్‌మన్‌ని అడిగితే ఎవరు ఏ ఫ్లోరో చెప్పేస్తాడు. అక్కడ వాచ్‌మన్ లేడు. ఆ డబ్బా చీటీ మీద పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే ఉండాలి. మనలో కొందరికి ఆ గడిలో ఇంటిపేరు, కొందరికి నాన్నగారి పేరు, ఇంకొందరికి సొంత పేరులోనే సగం పడి ఉంటుంది. ఇన్నేళ్లూ ఎవరూ పిలవని పేరైనా సరే, అక్కడ మీ పేరు అదే. ఆఫీసు మెయిళ్లలో కూడా దాంతోనే పిలుస్తారు.

ఇక ఆ ఉత్తరాల్లో ఏమొస్తాయో చెప్తాను. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు సిటీ ఆఫీసుకి వెళ్లి అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టు, ఫారం, ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. అద్దె అగ్రిమెంట్ చూపిస్తే చాలదు, ఆ పత్రం వేరేగా ఉండాలి. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే "ఆ కాగితం ఇస్తారు కదా?" అని అడగండి. ఇవ్వనన్న ఇల్లు ఎంత బాగున్నా వద్దు. నమోదు చేసేటప్పుడు మీ మతం ఏమిటని కూడా అడుగుతారు. అది మాటవరసకి అడిగేది కాదు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిల సభ్యులైతే ఆదాయపు పన్ను మీద ఇంకో చర్చి పన్ను పడుతుంది. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో అది ఆదాయపు పన్నులో 8 శాతం. మన క్రైస్తవ మిత్రులు ఈ సంగతి తెలుసుకుని వెళ్లడం మంచిది.

నమోదయ్యాక కొన్ని వారాలకి పన్నుల శాఖ నుంచి 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. ఫోన్ చేసి అడిగినా చెప్పరు, మెయిల్‌లో పంపరు. మళ్లీ కావాలని అప్లై చేసినా మళ్లీ పోస్టులోనే పంపుతారు. ఆ నంబరు పేరోల్‌కి అందకపోతే మొదటి జీతంలో ఆరో తరగతి కింద పన్ను కోసే అవకాశం ఉంది. అన్ని తరగతుల్లోకీ ఎక్కువగా కోసేది అదే. ఎక్కువ కోసిన డబ్బు తర్వాత సర్దుబాటవుతుంది, మునిగిపోయేదేం లేదు. కాకపోతే కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్స్ కట్టి ఖాళీ జేబుతో ఉన్న నెలలో జీతం తరిగి వస్తే టెన్షన్ తప్పదు. పే స్లిప్‌లో పన్ను తరగతి అని ఓ చిన్న గడి ఉంటుంది. పెళ్లికాని వాళ్లకి అక్కడ 1 ఉండాలి. 6 కనిపిస్తే నంబరు చేరలేదని అర్థం.

ఇంటి సంగతి ఇంకొకటి. స్టుట్‌గార్ట్ వైపు చాలా బిల్డింగుల్లో మెట్లు ఊడ్చి తుడిచే పని ఇళ్లవాళ్లే వంతులవారీగా చేస్తారు. మీ వారం రాగానే చిన్న బోర్డు ఒకటి మీ తలుపుకి వేలాడుతుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, పని అయ్యాక దాన్ని తీసి పక్కింటి తలుపుకి తగిలించాలి. వీడియో కాల్‌లో నేను మెట్లు తుడవడం చూసి మా అమ్మ రెండు రోజులు బంధువులందరికీ ఫోన్లు చేసింది.

ఆఫీసులో నాకు అలవాటు కావడానికి ఎక్కువ టైమ్ పట్టింది సాయంత్రాలు. హైదరాబాద్‌లో రాత్రి పదింటికి కాల్ ఉంటే ఉంటుంది, పొద్దున్న తొమ్మిదింటికి మళ్లీ సీట్లో ఉంటాం. అక్కడి చట్టం ప్రకారం ఈ రోజు పని ముగించినప్పటి నుంచి మర్నాడు మొదలుపెట్టే వరకూ మధ్యలో 11 గంటల విశ్రాంతి ఉండాలి. రాత్రి పదిన్నరకి అమెరికా వాళ్లతో కాల్ ముగిస్తే మర్నాడు తొమ్మిదిన్నర దాకా పని మొదలుపెట్టకూడదు. ఓ రాత్రి నేను హైదరాబాద్ టీమ్‌కి సాయం చేస్తూ ఆలస్యంగా మెయిళ్లు పంపితే, మా మేనేజర్ మర్నాడు మెచ్చుకోలేదు సరికదా, "ఆ పని ఎన్ని గంటలు పడుతుందో ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే. శుక్రవారానికి ఇవ్వాల్సిన పని ఆలస్యమవుతుందని మంగళవారం చెప్తే ఏమీ అనరు. గురువారం సాయంత్రం చెప్తే ముఖం మారుతుంది. మన దగ్గర "చూస్తాం సార్, అయిపోతుంది" అనే మాటని వాళ్లు నిజంగానే అయిపోతుందని రాసుకుంటారు.

హైదరాబాద్ టీమ్‌తో మీటింగుల్లో ఇంకో తిరకాసు ఉంది. ఎండాకాలంలో మనకీ జర్మనీకీ తేడా మూడున్నర గంటలు. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అది నాలుగున్నర అవుతుంది, మళ్లీ మార్చి చివరి ఆదివారం దాకా అంతే. మధ్యాహ్నం మూడింటికని అక్కడి క్యాలెండర్‌లో పెట్టిన మీటింగ్ గచ్చిబౌలిలో సాయంత్రం ఆరున్నరకి జరుగుతుంటుంది, హఠాత్తుగా ఏడున్నరకి జరుగుతుంది. క్యాబ్ టైమింగ్‌లన్నీ తారుమారు. మొదటి వారం ఇక్కడివాళ్లు "ఏంటన్నా, గంట లేటు చేస్తున్నారు?" అని మెసేజ్‌లు పెట్టారు. అక్కడున్న మనవాళ్లు ఆ రెండు ఆదివారాలకి ముందే మీటింగ్ టైమ్ మార్చేయిస్తే సరిపోతుంది. జర్మన్లకి ఈ సంగతి తట్టదు, ఎందుకంటే వాళ్ల క్యాలెండర్‌లో మీటింగ్ ఎప్పట్లాగే మూడింటికే ఉంటుంది.

పుట్టినరోజుకి కేకు ఎవరి పుట్టినరోజైతే వాళ్లే తేవాలి. రోజు రాకముందే శుభాకాంక్షలు చెప్తే మంచిది కాదంటారు. ఇంతకుమించి అందులో పెద్ద విశేషం లేదు.

అన్నిటికంటే వివరంగా చెప్పాల్సింది జ్వరం గురించి. ఒంట్లో బాగాలేకపోతే పని మొదలయ్యే టైమ్‌కి ముందే మేనేజర్‌కి చెప్పాలి. ఏం జబ్బో చెప్పక్కర్లేదు, ఎన్నాళ్లు పట్టొచ్చో చెప్తే చాలు. "ఫోన్‌లో అందుబాటులో ఉంటా" అని మనం అలవాటుగా రాసే మాట అక్కడ వద్దు. జబ్బు మూడు రోజులు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఈ మూడు రోజుల్లో శనాదివారాలు కూడా లెక్కే. శుక్రవారం పడుకున్నవాడు సోమవారం కూడా లేవకపోతే అది నాలుగో రోజు, సర్టిఫికెట్ ఆ రోజే ఉండాలి. కొన్ని కంపెనీలు మొదటి రోజు నుంచే అడుగుతాయి, కాంట్రాక్ట్‌లో చూసుకోండి. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటాక జబ్బు చేస్తే ఆరు వారాల వరకూ కంపెనీ పూర్తి జీతం ఇస్తుంది. ఆ రోజులు సెలవుల్లోంచి తీసుకోరు.

నాకు జ్వరం అక్కడ రాలేదు, ఇక్కడే వచ్చింది. భోగి మర్నాటి నుంచి ఒళ్లు కాలిపోయింది, సెలవుల్లో దాదాపు వారం మంచం మీదే గడిచింది. అక్కడి చట్టంలో దీనికీ ఓ దారి ఉంది. సెలవులో ఉండగా జబ్బు పడి, డాక్టర్ సర్టిఫికెట్‌తో చూపించగలిగితే ఆ రోజులు సెలవు కింద లెక్కపెట్టరు, వెనక్కి ఇచ్చేస్తారు. విదేశంలో ఉన్నా ఇదే వర్తిస్తుంది. కాకపోతే వెంటనే కంపెనీకి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి, ఎక్కడున్నామో అడ్రస్ కూడా ఇవ్వాలి. నేను మెయిల్ పెట్టి మా బావని తోడు తీసుకుని వీధి చివర క్లినిక్‌కి వెళ్లాను.

డాక్టర్ గారు వైరల్ ఫీవర్ అని, మాత్రల పేర్లతో చీటీ రాసిచ్చారు. "డాక్టర్ గారూ, ఈ చీటీ చాలదండీ. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ ఉద్యోగం చేయలేని స్థితిలో ఉన్నాడని లెటర్‌హెడ్ మీద రాయాలి" అన్నాను. ఆయన నవ్వి, "నువ్వు ఎలాగూ సెలవులోనే ఉన్నావుగా బాబూ, మళ్లీ సెలవు చీటీ దేనికి?" అన్నారు. బావ వివరంగా చెప్పబోతుంటే ఆయనే ఆపి, ఇంగ్లిష్‌లో రాసి, సంతకం చేసి, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర వేశారు. జబ్బు పేరు కన్నా ఆ "పని చేయలేడు" అన్న వాక్యమే ముఖ్యం. మందుల చీటీ, ల్యాబ్ రిపోర్ట్ ఎన్ని జతచేసినా ఆ వాక్యం లేకపోతే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

ఫొటో తీసి అదే రోజు పంపాను, ఒరిజినల్ సూట్‌కేస్‌లో పెట్టుకున్నాను. రోజులు వెనక్కొచ్చాయి. అయితే పోయిన రోజులకి బదులు ఇక్కడే ఇంకో వారం ఉండిపోతానంటే కుదరదు. ముందు ఒప్పుకున్న తేదీకే వెళ్లి పనిలో కూర్చోవాలి, మిగిలిన రోజులు తర్వాత విడిగా అడగాలి. నేను ఉగాదికి అడిగాను. "తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టెయ్" అన్నాడు మేనేజర్. పంచాంగం చూసి పెట్టేశాను.