పాత పాస్‌పోర్టు పంపేశాను

అమెరికా పాస్‌పోర్టు చేతికొచ్చింది కాబట్టి, ఈరోజు పాత ఇండియన్ పాస్‌పోర్టును సరెండర్‌కి కొరియర్‌లో పంపాను. గడువు 2031 దాకా ఉంది. ఫోన్లో అమ్మ అడిగింది, "ఇంకా టైముంది కదా, రెండూ నీ దగ్గరే ఉంచుకుంటే ఏం పోయింది?"

అమ్మే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. పాస్‌పోర్టు ఇచ్చేసిన రోజున పౌరసత్వం పోతుందని లెక్క. నిజానికి మార్చిలో అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే నాది పోయింది. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ క్షణం నుంచే భారత పౌరులు కారు. అందుకు ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. సరెండర్ సర్టిఫికెట్ అప్పటికే జరిగిపోయినదానికి కాగితం, అంతే. తమాషా ఏమిటంటే, ఇతర దేశాల విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చేయించిన అమెరికా పాత పాస్‌పోర్టు అడగనే లేదు. రెండు పౌరసత్వాలకీ అడ్డు మన చట్టమే.

ఒక స్నేహితురాలు, కొత్త పాస్‌పోర్టు వచ్చేలోపు పాతదాని మీదే ఒకసారి ఇండియా వెళ్లొస్తానంది. వద్దన్నాను. వెళ్లడం సరే, తిరిగి ఎలా వస్తుంది? గ్రీన్‌కార్డు ప్రమాణం రోజే తీసేసుకున్నారు, అమెరికా పాస్‌పోర్టు చేతిలో లేదు. అక్కడ విమానం ఎక్కేటప్పుడు ఏం చూపిస్తుంది? పైగా పౌరసత్వం పోయాక ఆ పాస్‌పోర్టుతో ప్రయాణిస్తే జరిమానా పడుతుంది.

సరెండర్ కాగితాలు పెద్ద కష్టమేం కాదు: అసలు పాస్‌పోర్టు, నేచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ, కొత్త పాస్‌పోర్టు కాపీ. నాకు టెన్షన్ పెట్టింది పేరు. పాతదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కొత్తదాంట్లో పెళ్లి తర్వాతి పేరు. ఇద్దరూ ఒకరేనని చూపడానికి మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా జత చేశాను. సరెండర్ సర్టిఫికెట్ రాకపోతే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు కదలదు, మామూలు వీసాకి పెట్టుకున్నా మొదట ఇదే అడుగుతారు. ప్రయాణం ఉన్నవాళ్లు టికెట్ కొనేముందే ఈ పని మొదలుపెట్టాలి.

"మరి పొలం?" అంది అమ్మ. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఎన్ఆర్ఐగా ఉన్నప్పుడూ నేను కొనగలిగేదాన్ని కాదు, కాబట్టి అందులో మారిందేమీ లేదని చెప్పాను. మారింది ఓటు. ఓసీఐ కార్డు ఎన్నేళ్లు ఉన్నా ఓటు ఇవ్వదు, ఎన్నికల్లో నిలబడనివ్వదు. ఓటర్ల జాబితాలో నా పేరు ఇంకా అలాగే ఉంది. తీసేయించడానికి ఫారం 7 పెట్టాలి, అది రేపటి పని.