ఏప్రిల్ బిల్లులన్నీ నాలుగో తారీఖునే ఎందుకు పడ్డాయి

ఈ ఉదయం ఏలూరు నుంచి మా పాత ఖాతాదారు ఫోను చేశారు. "కనపడిందమ్మా, మా 2బీలో నీ బిల్లు కనపడింది" అన్నారాయన. కొన్నవాళ్లకు వాళ్ల కొనుగోలు బిల్లులు జీఎస్టీ పోర్టల్‌లో కనపడే జాబితానే 2బీ. నెల రోజుల తర్వాత కడుపు నిండా టిఫిను తిన్నాను. ఆ టెన్షన్ ఏమిటో మర్చిపోకముందే రాసేస్తున్నాను. ఖాతాదారుల వివరాలూ అమ్మకాలూ చూసుకునే సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ నుంచి అకౌంట్స్‌కి డేటా ఎక్కించే పని ఎవరి మీద పడినా ఇదే గుంటలో కాలు పెట్టే అవకాశం ఉంది.

మాది విజయవాడ ఆటోనగర్‌లో మోటార్లు, పంపుసెట్లు పంపిణీ చేసే చిన్న సంస్థ. అకౌంట్స్ నేను చూస్తాను. మార్చి 2025 దాకా ప్రతి బిల్లూ చేత్తో ఎంట్రీ చేసేదాన్ని. ఏప్రిల్ నుంచి మా సేల్స్ వాళ్లు సీఆర్ఎంలోనే బిల్లు కొట్టడం మొదలుపెట్టారు. నెలాఖరుకి వాటిని సీఎస్‌వీ ఫైలుగా దించి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం నా పని. సీఆర్ఎం అమ్మినాయన మాత్రం "పది నిమిషాల పని మేడం" అని చెప్పి వెళ్లాడు.

డబ్బుల కాలమ్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఫైల్లో ₹1,25,000.00 అని ఉంటే రూపాయి గుర్తూ కామాలూ తీసేసి 125000.00 ఇవ్వాలి. సరుకు వాపసు బిల్లుల్లో బ్రాకెట్లో ఉన్న (2,500.00)ని మైనస్‌గా మార్చాలి. ఒక్క చోట మాత్రం పైసా తేడా వచ్చింది. ₹4,237.29 సరుకు మీద సీఆర్ఎం 18 శాతం పన్నును ఒకేసారి లెక్కేసి 762.71 అంటోంది. అకౌంట్స్‌లో తొమ్మిదీ తొమ్మిదీ విడిగా లెక్క కడితే ఒక్కోటి 381.36, రెండూ కలిపితే 762.72. బిల్లు మొత్తం అక్కడ 5,000.00, ఇక్కడ 5,000.01. పన్నును ఇక్కడ మళ్లీ లెక్క కట్టించకుండా, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ విడివిడిగా ఉన్న కాలమ్‌లను సీఆర్ఎంలోనే పెట్టించి, అవే అంకెలు తెచ్చుకున్నాను. మిగిలిన పైసలకు రౌండాఫ్ లెడ్జర్ ఉండనే ఉంది.

నన్ను ముంచింది తేదీ.

మా సీఆర్ఎం తేదీని అమెరికా పద్ధతిలో ఇస్తుంది, నెల ముందు, రోజు తర్వాత. ఏప్రిల్ 5ని 04/05/2025 అని రాస్తుంది. మా ఆఫీసు కంప్యూటరు మన పద్ధతిలో సెట్ చేసి ఉంది, రోజు ముందు. సీఎస్‌వీ ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచాను, అందరూ తెరిచినట్టే. ఆ క్షణంలోనే పని చెడింది. 04/05/2025ని ఎక్సెల్ మే 4 అని చదివేసుకుంది. 04/13/2025 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల ఉండదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోలేక అక్షరాలుగా వదిలేసింది.

ఏప్రిల్‌లో మావి 186 బిల్లులు. ఎక్కించగానే 133 వెనక్కి వచ్చాయి. అందులో 118 పదమూడో తారీఖు నుంచి ముప్పై దాకా ఉన్నవి, "తేదీ చెల్లదు" అని. మిగతా 15కి వేరే కారణం చూపించింది, "తేదీ ఆర్థిక సంవత్సరం మొదలుకు ముందుంది" అని. నేను 118 మీద పడ్డాను. ఎక్సెల్‌లో ఈ ఫార్ములా రాశాను:

```
=DATE(RIGHT(A2,4),LEFT(A2,2),MID(A2,4,2))
```

అన్నీ చక్కగా తేదీలైపోయాయి, ఎక్కేశాయి. ఆ పూట నాకు నేనే శభాష్ అనుకున్నాను. మిగిలిన 15 గురించి మా టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో అడిగితే, అక్కడి కుర్రాడు ఫైలు తెరవకుండానే "అవి పోయినేడాది బిల్లులై ఉంటాయి మేడం, వదిలేయండి" అన్నాడు. ఆ మాట నమ్మడం నా తప్పు. అవి కొత్త సిరీస్‌లో ఒకటి నుంచి పదిహేను దాకా ఉన్న బిల్లులు. పోయినేడాదివి ఎలా అవుతాయి? బిల్లు నంబరు చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. నెలనెలా ఫీజు తీసుకునే ఆఫీసు కనీసం ఆ ఒక్క కాలమ్ చూసి ఉండాల్సింది. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మే 11న జీఎస్టీఆర్-1, అంటే నెల అమ్మకాల బిల్లులు చూపించే రిటర్ను, వేశాం. మా ఓనరు గారు చూసి "ఏప్రిల్ అమ్మకం ఇంత తక్కువేంటమ్మా?" అని అడిగారు. నెల మొదట్లో మార్కెట్ డల్‌గా ఉంది సార్ అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మే 15న ఏలూరు షాపాయన ఫోను చేశారు. మాకు ఇరవై ఏళ్ల ఖాతాదారు. ఆయన ఏప్రిల్ 5న ₹1,25,000 సరుకు కొన్నారు, పన్ను ₹22,500 మాకు కట్టేశారు. ముందురోజు వచ్చిన 2బీలో ఆ బిల్లు లేదు. "ఏంటమ్మాయ్, మా దగ్గర పన్ను వసూలు చేసి గవర్నమెంటుకు చూపించకుండా ఉంచుకున్నారా? మీ సారు అలాంటివారు కాదే" అన్నారు. స్పీకరు ఆన్‌లో ఉంది, మా ఓనరు గారు ఎదురుగా ఉన్నారు. ఆయన నన్నేమీ అనలేదు. లేచి గోడౌన్‌లోకి వెళ్లిపోయారు. తిట్టినా బావుండేది.

వెతికితే ఏలూరాయన బిల్లు మా పుస్తకాల్లో మే 4న ఉంది. తర్వాతి బిల్లు, ఏప్రిల్ 6ది, జూన్ 4న ఉంది. ఏప్రిల్ 7ది జూలై 4న. డిసెంబరు 4 దాకా వెళ్లింది, ఇంకా రాని నెలల్లోకి! అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. ఏప్రిల్ నాలుగో నెల కదా, నెలా రోజూ తారుమారైతే ఆ నాలుగే రోజు అయి కూర్చుంటుంది. ఒకటి, రెండు, మూడు తారీఖులవి జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4 అయ్యాయి. "పోయినేడాది బిల్లులు" అవే. నాలుగో తారీఖువి మాత్రం ఎటు తిప్పినా ఏప్రిల్ 4 కాబట్టి బతికిపోయాయి, అవి ఏడు. ఎటో వెళ్లిపోయినవి 46, ఎక్కనివి 15. మొత్తం 61 బిల్లులు ఏప్రిల్ లెక్కలో లేవు.

సాఫ్ట్‌వేర్ తిరగ్గొట్టిన 118 బిల్లుల్లో తేదీ చెక్కుచెదరకుండా ఉంది. మారుమాట లేకుండా ఒప్పుకున్న 46 బిల్లుల్లో చెడింది. నేను ఎర్రగా కనపడినవే సరిచేసుకుంటూ పోయాను. తెరిచిన ఫైల్లో ఆ కాలమ్ జాగ్రత్తగా చూసి ఉన్నా దొరికేది. ఎక్సెల్ తేదీగా తీసుకున్నవి గడిలో కుడివైపు ఉంటాయి, అక్షరాలుగా వదిలేసినవి ఎడమవైపు ఉంటాయి. నా ఫైల్లో కొన్ని కుడికీ కొన్ని ఎడమకీ ఉన్నాయి. నేను కాలమ్ మొత్తాన్ని సెంటర్ అలైన్‌మెంట్ చేసి అందంగా పెట్టుకున్నాను, ఆ గుర్తు కాస్తా పోయింది.

అదృష్టం ఏమిటంటే పన్ను కట్టే రిటర్ను, ఏప్రిల్ 3బీ, ఇంకా వేయలేదు, గడువు మే 20. అందుకే జీఎస్టీఆర్-1ని సవరించుకునే జీఎస్టీఆర్-1ఏలో ఆ 61 బిల్లులూ చేర్చి పన్ను సకాలంలో కట్టగలిగాం, వడ్డీ పడలేదు. కానీ 1ఏలో చేర్చినవి కొన్నవాళ్లకు తర్వాతి నెల 2బీలోనే కనపడతాయి. అంటే జూన్ 14 దాకా ఆగాలి. ఒక్కొక్కరికీ నేనే ఫోను చేసి చెప్పాను.

ఇప్పుడు సీఎస్‌వీ మీద నేరుగా నొక్కి తెరవను. ఎక్సెల్‌లో Data మెనూలోంచి From Text/CSV ద్వారా తెచ్చుకుంటాను. Transform Data నొక్కితే అక్కడ Changed Type అనే మెట్టు దానంతటదే చేరి ఉంటుంది. తేదీల్ని మళ్లీ తప్పుగా చదివే ప్రమాదం దానితోనే, ముందు దాన్ని తీసేయాలి. తర్వాత కొత్త కాలమ్‌లో ఇలా రాస్తాను:

```
Date.ToText(Date.FromText([BillDate], "en-US"), "yyyyMMdd")
```

ఏప్రిల్ 5 దీంతో 20250405 అవుతుంది. మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఈ రూపాన్ని తీసుకుంటుంది. సంవత్సరం ముందు ఉంటే ఎవరి కంప్యూటరు ఏ పద్ధతిలో ఉన్నా రెండోలా చదవడానికి వీలుండదు. ఎక్కించే ముందు బిల్లు నంబరు వరసలో పెట్టి తేదీలు చూస్తాను. నంబరు పెరుగుతుంటే తేదీ వెనక్కి పోకూడదు. ఎక్కించాక బిల్లుల సంఖ్య ఒక్కటే చూసి ఊరుకోను, ఆ నెల మొత్తాన్ని సీఆర్ఎంలోని మొత్తంతో పోలుస్తాను. ఏప్రిల్‌లో ఆ ఒక్క పోలిక చేసి ఉంటే సరిపోయేది.

ఆ 61 బిల్లుల వాళ్లకు ఫోను చేస్తున్నప్పుడే ఫోను నంబర్ల గొడవ కూడా బయటపడింది. సీఆర్ఎంలో +91తో కలిపి ఉన్న నంబరును ఎక్సెల్ అంకెగా తీసుకుని 9.19877E+11 అని చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే గడిలో కనిపించేదే ఫైల్లో పడుతుంది, చివరి అంకెలు ఇక తిరిగి రావు. సీఆర్ఎం నుంచి మళ్లీ దించుకోవాల్సిందే. అందుకని నంబరు కాలమ్‌ను మొదటి నుంచీ టెక్స్ట్‌గానే ఉంచాలి.

తర్వాత ముందున్న 91 తీసేద్దామని చూస్తే ఇంకో చిక్కు. మన మొబైల్ నంబర్లు కొన్ని 91తోనే మొదలవుతాయి. గుడ్డిగా తీసేస్తే పది అంకెలు ఎనిమిది అయిపోతాయి. మొత్తం పన్నెండు అంకెలుంటేనే ముందు రెండూ తీయాలి. ల్యాండ్‌లైన్లు ఇంకా మోసం చేస్తాయి. విజయవాడ కోడ్ 0866, తర్వాత ఏడంకెలు. ముందున్న సున్నా ఎగిరిపోతే 866తో మొదలయ్యే పదంకెల నంబరు మిగులుతుంది, అచ్చం మొబైల్‌లా ఉంటుంది. బాకీ గుర్తుచేసే మెసేజ్‌లు అలాంటి పదకొండు నంబర్లకు నెలంతా వెళ్లాయి, ఒక్కటీ చేరలేదు. ఇప్పుడు సీఆర్ఎంలో మొబైల్‌కి ఒక గడి, ల్యాండ్‌లైన్‌కి వేరే గడి పెట్టించాను. రెండు పుస్తకాల్లో ఖాతాదారుల్ని కలపడానికి ఫోను నంబరు వాడటం మానేసి జీఎస్టీ నంబరు వాడుతున్నాను.

మే బిల్లులు 203. జూన్ 2న ఎక్కించాను, ఒక్కటీ వెనక్కి రాలేదు. అయినా నంబరు వరసలో తేదీలు చూసి, మొత్తం కలిపి, ప్రింటు తీసి ఓనరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి సంతకం చేశారు.