బ్రాంచ్ అకౌంట్స్: లాభం టాలీ అయినా సరుకు ఎక్కడ తగ్గిందో పట్టుకోవడం ఎలా

సీఏ ఇంటర్ గ్రూప్ 1 గట్టెక్కింది. రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి మన నెల్లూరు, ఒంగోలు వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ గురించే అడుగుతున్నారు, అందులోనూ బ్రాంచ్ చాప్టర్ గురించి ఎక్కువగా. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి చాప్టర్ మొత్తం చెప్పను. డెట్టర్స్ పద్ధతి ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. ఇండిపెండెంట్ బ్రాంచ్, ఫారిన్ బ్రాంచ్ ఎలాగూ మెటీరియల్ చూసి లెక్కలు చేసుకోవలసినవే. నిలబడి నేర్చుకోవలసింది స్టాక్ అండ్ డెట్టర్స్ పద్ధతి. అది అర్థమైతే హెడ్ ఆఫీస్ దూరంగా ఉన్న కొట్టు మీద ఎలా కన్నేసి ఉంచుతుందో అర్థమైనట్టే.

ఒక లెక్క తీసుకుందాం. హెడ్ ఆఫీస్ నెల్లూరులో ఉన్న బట్టల కొట్టు, బ్రాంచ్ కందుకూరులో. కొన్న ధర మీద 25 శాతం వేసి, ఆ ధరకే సరుకు పంపుతారు. మేనేజర్‌కు అసలు ధర తెలియదు, టికెట్ మీద ఉన్న ధరకే అమ్మాలి. ఇక్కడే మొదటి మెలిక. కాస్ట్ మీద 25 శాతం అంటే ఇన్‌వాయిస్ ధర మీద 20 శాతం. వందకు కొన్నది నూట పాతికకు పంపితే, ఆ నూట పాతికలో పాతిక ఐదో వంతు. బ్రాంచ్ లెక్కలో అంకెలన్నీ ఇన్‌వాయిస్ ధరలోనే ఉంటాయి కాబట్టి లోడింగ్ తీసేటప్పుడల్లా ఐదో వంతే తీయాలి. వర్కింగ్ నోట్ మొదటి లైనులో ఇది రాయనిదే లెక్కలోకి దిగొద్దు. నాలుగో వంతు తీసినవాడికి కిందున్న అంకెలన్నీ తప్పుతాయి.

ఇన్‌వాయిస్ ధరలో ఓపెనింగ్ స్టాక్ 50,000. ఏడాదిలో పంపిన సరుకు 4,00,000. కందుకూరు నుంచి నెల్లూరుకు తిరిగొచ్చింది 10,000. నగదు అమ్మకాలు 2,50,000, అప్పు అమ్మకాలు 1,30,000, మొత్తం 3,80,000. మార్చి 31 సాయంత్రం కొట్టులో లెక్కపెడితే ఉన్న సరుకు 40,000.

బ్రాంచ్ స్టాక్ అకౌంట్‌లో డెబిట్ వైపు 50,000, 4,00,000. క్రెడిట్ వైపు వాపసు 10,000, అమ్మకాలు 3,80,000. ఉండాల్సింది 60,000, ఉన్నది 40,000. చాలామంది ఇక్కడే 20,000 షార్టేజ్ అని రాసేస్తారు. ప్రశ్న చివర్లో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: హెడ్ ఆఫీస్ పంపినదాంట్లో 15,000 సరుకు మార్చి 31 నాటికి బ్రాంచ్‌కు చేరలేదు. అంటే లారీ ఇంకా కావలి దగ్గరే ఉంది. హెడ్ ఆఫీస్ పుస్తకాల్లో 4,00,000 పడింది, మేనేజర్ చేతికి వచ్చింది 3,85,000. దారిలో ఉన్న ఆ 15,000 కూడా బ్రాంచ్ స్టాకే. దాన్ని స్టాక్ ఇన్ ట్రాన్సిట్ అని విడిగా చూపించాలి. అప్పుడు నిజమైన షార్టేజ్ 5,000. అసలు కొట్టుల్లో కూడా ఇంతే. లారీ రసీదు తేదీ, సరుకు చేరిన తేదీ పక్కపక్కన పెట్టి చూడకపోతే మేనేజర్ మీద లేని నింద పడుతుంది.

ఇప్పుడు బ్రాంచ్ అడ్జస్ట్‌మెంట్ అకౌంట్. ఇందులో పడేది లోడింగ్ మాత్రమే. క్రెడిట్ వైపు ఓపెనింగ్ స్టాక్‌లో 10,000, పంపిన సరుకులో 80,000, కలిపి 90,000. డెబిట్ వైపు వాపసులో 2,000, షార్టేజ్‌లో 1,000, క్లోజింగ్ స్టాక్ రిజర్వ్ 11,000. ఈ 11,000 ఎలా వచ్చిందో చూడండి: కొట్టులో ఉన్న 40,000, దారిలో ఉన్న 15,000, రెంటి మీదా ఐదో వంతు. దారిలో ఉన్నదాన్ని వదిలేస్తే రిజర్వ్ 8,000 అవుతుంది, అమ్మని సరుకు మీద 3,000 లాభం చూపించినట్టవుతుంది. మిగిలిన 76,000 గ్రాస్ ప్రాఫిట్. సరిచూసుకోవడం సులువు, అమ్మకాలు 3,80,000 మీద ఐదో వంతు సరిగ్గా 76,000. ఈ చెక్ చేయకుండా పేజీ తిప్పేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అర నిమిషం పని, మార్కులు దాని మీదే ఉన్నాయి.

షార్టేజ్‌లో మిగిలిన 4,000 కాస్ట్. అది బ్రాంచ్ ప్రాఫిట్ అండ్ లాస్‌కు పోతుంది. ఖర్చులు 30,000, రాని బాకీలు 1,000 అనుకుంటే నికర లాభం 41,000. ఆ 5,000 మామూలుగా జరిగే నష్టమే అని ప్రశ్నలో చెబితే మొత్తం అడ్జస్ట్‌మెంట్ అకౌంట్‌కే డెబిట్ చేస్తారు. గ్రాస్ ప్రాఫిట్ 72,000కు తగ్గుతుంది, నికర లాభం మాత్రం అదే 41,000.

ఇక ఈ పద్ధతి మీద ఇంత పట్టు ఎందుకంటున్నానో చెబుతాను. డెట్టర్స్ పద్ధతిలో చేసినా 41,000 వస్తుంది కదా, మరి ఇదెందుకు అని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇదే లెక్కలో ఒక్క సంగతి మార్చండి. సంక్రాంతి రద్దీలో కొన్ని చీరలు టికెట్ ధర కంటే ఎక్కువకు అమ్మారు, అలా అదనంగా వచ్చింది 3,000. అంటే 3,80,000 అమ్మకాల్లో బయటికి వెళ్లిన సరుకు ఇన్‌వాయిస్ ధరలో 3,77,000 మాత్రమే. అప్పుడు ఉండాల్సిన స్టాక్ 60,000 కాదు, 63,000. ఉన్నది దారిలోదానితో కలిపి 55,000. షార్టేజ్ 8,000.

ఎంట్రీ ఇలా: బ్రాంచ్ స్టాక్ డెబిట్ 3,000, బ్రాంచ్ అడ్జస్ట్‌మెంట్ క్రెడిట్ 3,000. ఇందులో కాస్ట్ లేదు, మొత్తం లాభమే, కాబట్టి విడగొట్టొద్దు. షార్టేజ్ లోడింగ్ 1,600, కాస్ట్ 6,400. అడ్జస్ట్‌మెంట్‌లో 93,000 నుంచి 2,000, 1,600, 11,000 పోతే గ్రాస్ ప్రాఫిట్ 78,400. అందులో 6,400, ఖర్చులు, బాకీలు పోతే మళ్లీ 41,000.

లాభం రూపాయి కూడా మారలేదు. కానీ కొట్టులోంచి పోయిన సరుకు 5,000 కాదు, 8,000. ఎక్కువకు అమ్మిన డబ్బు 3,000 లోటును కప్పేసింది. లాభం ఒక్కటే చూసే హెడ్ ఆఫీస్‌కు ఇది ఎప్పటికీ కనపడదు. స్టాక్ అకౌంట్ కూడా రెండూ కలిపిన నికర తేడానే చూపిస్తుంది, దానంతట అది విడదీయదు. ప్రశ్నలో ఎక్కువ ధరకు అమ్మినట్టు ఒక్క ముక్క కనిపించినా, ముందు ఆ సర్‌ప్లస్‌ను స్టాక్ అకౌంట్ డెబిట్ వైపు వేసి, ఆ తర్వాతే షార్టేజ్‌ను బ్యాలెన్సింగ్ ఫిగర్‌గా తీయండి. వరస తప్పితే నికర లాభం కరెక్టుగానే వస్తుంది, అకౌంట్లు రెండూ తప్పుగా ఉంటాయి. జవాబు సరిపోయిందన్న ధీమాతో తప్పు వెతకనే వెతకరు.

తక్కువకు అమ్మితే దీనికి ఎదురు. డిస్కౌంట్ సేల్‌లో టికెట్ కంటే 2,000 తగ్గించి ఇచ్చారనుకోండి, ఆ 2,000 స్టాక్ అకౌంట్ క్రెడిట్, అడ్జస్ట్‌మెంట్ డెబిట్. అది వేయకపోతే తగ్గింపు కాస్తా దొంగతనంలా కనపడుతుంది. ఆర్టికల్‌షిప్‌లో బ్రాంచ్ ఆడిట్‌కు వెళ్లినప్పుడు కూడా మీరు చేయాల్సింది ఇదే: బిల్ బుక్‌లో అమ్మిన రేటు, హెడ్ ఆఫీస్ పంపిన ఇన్‌వాయిస్ రేటు వస్తువు వారీగా పక్కపక్కన వేసుకుని, ఎక్కువ తక్కువలు తీసేశాక మిగిలిన తేడానే మేనేజర్‌ను అడగాలి.